చేతిలో ఆఫర్ లెటర్, కళ్ల ముందు నోటిఫికేషన్: డిగ్రీ అయ్యాక గవర్నమెంటా, ప్రైవేటా తేల్చుకునే పద్ధతి

గత ఏడాది మా బాబాయి కొడుకు బీటెక్ పూర్తి చేశాడు. ఖమ్మం దగ్గర పల్లె వాళ్లది. క్యాంపస్‌లోనే హైదరాబాద్ కంపెనీ ఒకటి ఏడాదికి 4 లక్షల ఆఫర్ ఇచ్చింది. బాబాయి మాత్రం "ఓ ఏడాది కూర్చుని చదువుకోరా, గవర్నమెంట్ ఉద్యోగం కొట్టు" అన్నాడు. పిన్నికి వాడు ముందు ఏదో ఒక సంపాదనలో పడితే చాలు. నెల రోజులు ఇంట్లో ఇదే గొడవ. చివరికి వాడు, నేను రెండు ఆదివారాలు కూర్చుని మొత్తం కాగితం మీద పెట్టాం. ఆ క్రమమే ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మనం పోల్చేది రెండు ఉద్యోగాలను కాదు. ఒకవైపు చేతిలో ఉన్న ఉద్యోగం, రెండోవైపు ఇంకా రాయని పరీక్ష. ఇంట్లో జరిగే వాదనలన్నీ ఈ తేడాను మరిచిపోయి జరుగుతాయి. అందుకే ఎటూ తేలవు.

మొదటి మెట్టు: ఏ గవర్నమెంట్ ఉద్యోగమో పేరు రాయండి

"గవర్నమెంట్ జాబ్" అనే పేరుతో ఏ పోస్టూ లేదు. కాగితం మీద పోస్టు పేరు, పరీక్ష పేరు, జీతం లెవెల్ రాయండి. రాయలేకపోతున్నారంటే నిర్ణయం తీసుకునే దశకు మీరింకా రాలేదన్నమాట.

పేరు రాసేటప్పుడు అది రెగ్యులర్ పోస్టా, కాంట్రాక్టా, ఔట్‌సోర్సింగా అన్నది తప్పకుండా చూడాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆఫీసుల్లో కూర్చుని పని చేసేవాళ్లలో చాలామంది ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లే. వాళ్ల కుర్చీ ప్రభుత్వానిది, ఉద్యోగం ఏజెన్సీది. ఉద్యోగ భద్రత అని మనం చెప్పుకునేది రెగ్యులర్ సివిల్ పోస్టులకే వర్తిస్తుంది. విచారణ జరపకుండా, మీ వాదన వినకుండా తొలగించకూడదని రాజ్యాంగం 311వ అధికరణం చెప్పేది వాళ్ల గురించే. ఔట్‌సోర్సింగ్ పోస్టుకి ఆ రక్షణ లేదు. "మూడు లక్షలు కడితే ఆఫీసులో పెట్టిస్తా, తర్వాత పర్మనెంట్ అవుతుంది" అని ఎవరైనా ఇంటికొస్తే గుమ్మం దగ్గరే పంపించేయండి. మా ఊళ్లో ఒక కుటుంబం అలా పొలం అమ్మిన డబ్బు పోగొట్టుకుంది.

రెండో ప్రశ్న, ఏ పరీక్షల కుటుంబం అన్నది. కేంద్ర శాఖల పోస్టులకి పెట్టే ఎస్‌ఎస్‌సీ పరీక్షలు, రైల్వే, బ్యాంకు పరీక్షలు లెక్కలు, రీజనింగ్, వేగం మీద నడుస్తాయి. గ్రూప్ పరీక్షలు చరిత్ర, పాలిటీ, ఎకానమీ, రాష్ట్ర విషయాల మీద నడుస్తాయి. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లుంటే అందులో ఒకటి పూర్తిగా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. రెండు కుటుంబాలకూ ఒకేసారి చదివినవాళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే అవుతారు. ఒకదాన్ని ఎంచుకోండి. భాష కూడా చూసుకోండి. ఎస్‌ఎస్‌సీ వాళ్లు డిగ్రీ చేసినవాళ్లకి పెట్టే సీజీఎల్ పరీక్ష ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, పైగా ఇంగ్లిష్‌కి ప్రత్యేకంగా మార్కులుంటాయి. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ అంటే టెన్షన్ పడేవాళ్లకి తెలుగులో రాసుకునే వీలున్న రైల్వే ఎన్‌టీపీసీ గానీ, గ్రూప్ పరీక్షలు గానీ నయం.

మా తమ్ముడికి లెక్కలు బాగా వచ్చు, చరిత్రంటే నిద్రొస్తుంది. కాబట్టి సీజీఎల్. పోస్టు ఆదాయపు పన్ను శాఖలో ట్యాక్స్ అసిస్టెంట్, లెవెల్ 4. కావాలనే సీజీఎల్‌లో కింది లెవెల్ తీసుకున్నాం. పై పోస్టు వస్తుందనుకుని లెక్క వేస్తే కాగితం అబద్ధం చెబుతుంది.

రెండో మెట్టు: రెండు జీతాలనూ చేతికొచ్చే డబ్బులోకి మార్చండి

ప్రైవేటు వాళ్లు చెప్పేది సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. గవర్నమెంట్‌లో చెప్పేది బేసిక్, అంటే భత్యాలు కలపని మూల వేతనం. ఒకటి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, రెండోది తక్కువగా కనిపిస్తుంది. పక్కపక్కన పెడితే మోసపోతాం.

మా వాడి ఆఫర్ లెటర్ వెనక పేజీలో ఉన్న అనెక్జర్ తీశాం. 4 లక్షల్లో 40 వేలు వేరియబుల్ పే, అంటే ఏడాది చివర్లో కంపెనీ ఫలితాలను బట్టి ఇస్తారు, మొదటి ఏడాది దాని మీద ఆశ పెట్టుకోకూడదు. కంపెనీ తరఫు పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ 9,620, ఇన్సూరెన్స్ 8,000 కూడా ఆ 4 లక్షల్లోనే కలిపేశారు. ఇవన్నీ తీసేస్తే 3,20,780 మిగిలింది. నెలకి 26,732. అందులోంచి వాడి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 24,700. గ్రాట్యుటీ కూడా సాధారణంగా ఐదేళ్లు పని చేస్తేనే వస్తుంది. రెండేళ్లకే మారేవాడికి అది కాగితం మీది డబ్బే.

ఇక ట్యాక్స్ అసిస్టెంట్. బేసిక్ 25,500. డీఏ, అంటే కరువు భత్యం, 2025 జూలైలో ఉన్న 58 శాతం లెక్కన 14,790. హైదరాబాద్‌లో ఇంటద్దె భత్యం బేసిక్‌లో 30 శాతం, 7,650. రవాణా భత్యం 3,600, దాని మీద డీఏ కలిపి 5,688. మొత్తం 53,628. పెన్షన్ కోసం బేసిక్, డీఏల మీద 10 శాతం, అంటే 4,029 కోస్తారు. వైద్య పథకం, గ్రూప్ ఇన్సూరెన్స్, వృత్తి పన్ను కలిపి ఇంకో 480. చేతికి 49,100 వరకు వస్తుంది. కొత్త పన్ను విధానంలో ఈ రెండు జీతాలకూ ఆదాయపు పన్ను పడదు. డీఏ ఏటా జనవరిలో, జూలైలో మారుతుంది కాబట్టి మీరు లెక్క వేసే రోజున ఎంత ఉందో అదే వేసుకోండి.

అదే ఉద్యోగం చిన్న పట్నంలో వస్తే ఇంటద్దె భత్యం 10 శాతానికి, రవాణా భత్యం సగానికి పడిపోతాయి. చేతికి 41 వేల దరిదాపుల్లో వస్తుంది. అక్కడ అద్దె కూడా తక్కువే కాబట్టి పెద్ద నష్టమేమీ కాదు.

ఈ లెక్క చూసి మా వాడు కాసేపు మాట్లాడలేదు. "ప్రైవేటులో డబ్బు ఎక్కువ, గవర్నమెంట్‌లో భద్రత ఎక్కువ" అని చిన్నప్పటి నుంచి విన్నాడు. ఫ్రెషర్ స్థాయిలో ఆ మాట తప్పు. ప్రైవేటులో 49 వేలు చేతికి రావాలంటే ఇదే లెక్కన 7 లక్షల 30 వేల సీటీసీ కావాలి.

రాష్ట్ర ప్రభుత్వ పోస్టయితే రాష్ట్ర వేతన సవరణ సంఘం, అంటే పీఆర్‌సీ, ఇచ్చిన స్కేలు వేసుకోవాలి. జూనియర్ అసిస్టెంట్ స్కేలు తెలంగాణలో 24,280తో, ఆంధ్రప్రదేశ్‌లో 25,220తో మొదలవుతుంది. అయితే కేంద్రంలో డీఏ ఇంచుమించు వేళకి వస్తుంది. మన రాష్ట్రాల్లో డీఏ విడతలు పెండింగ్‌లో పడుతుంటాయి. అందుకని "రావాల్సిన డీఏ" కాకుండా ఇప్పుడు నిజంగా ఇస్తున్న డీఏతోనే లెక్క కట్టండి.

మూడో మెట్టు: ఏడేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారో చూడండి

గవర్నమెంట్ వైపు ఇది ముందే అచ్చు వేసి ఉంటుంది. లెవెల్ 4లో 25,500తో చేరినవాడి బేసిక్ ఏటా 3 శాతం ఇంక్రిమెంట్‌తో ఏడేళ్లకి 31,400 అవుతుంది. డీఏ దాని మీద పెరుగుతూ ఉంటుంది. ఎనిమిదో వేతన సంఘం సిఫార్సులు అమలైతే ఈ పట్టికలే మారతాయి. ప్రమోషన్ రాకపోయినా పదేళ్లకి ఒక లెవెల్ పైకి తోస్తారు. అంతకంటే వేగంగా వెళ్లాలంటే శాఖాపరమైన పరీక్ష రాసి ఇన్‌స్పెక్టర్ కావాలి, దాని బేసిక్ 44,900తో మొదలవుతుంది. కాబట్టి గవర్నమెంట్‌లో చేరాక చదువు మూసేసినవాడి ఎదుగుదల ఆ పట్టిక దాటదు.

పెన్షన్ గురించి పెద్దవాళ్లు చెప్పేది పాతకాలపు పెన్షన్ గురించి. 2004 జనవరి నుంచి కేంద్రంలో చేరినవాళ్లకి జాతీయ పెన్షన్ పథకం, అంటే ఎన్‌పీఎస్ వచ్చింది, అందులో ప్రభుత్వం 14 శాతం వేస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పెన్షన్ పథకం కూడా ఉంది. దాంట్లో 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల బేసిక్ సగటులో సగం పెన్షన్‌గా హామీ. కొత్తగా చేరినవాళ్లు రెండింట్లో ఏది కావాలో 30 రోజుల్లో చెప్పాలి.

ప్రైవేటు వైపు అచ్చు వేసిన పట్టిక ఉండదు, మీరే అడిగి తెలుసుకోవాలి. కంపెనీ పేరును చూసి ఎదుగుదల అంచనా వేయడం తప్పు. ఒకే కంపెనీలో ఒకేరోజు చేరిన ఇద్దరిలో ఒకరు మూడేళ్లలో జీతం రెండింతలు చేసుకుంటే, ఇంకొకరు టికెట్లు మూసే సపోర్ట్ పనిలో అక్కడే ఉంటారు. తేడా ప్రాజెక్టులో వస్తుంది. అందుకని అదే కంపెనీలో మూడేళ్ల క్రితం ఫ్రెషర్‌గా చేరిన ముగ్గురు సీనియర్లను పట్టుకోండి. "హైక్ ఎంత?" అని మాత్రమే అడిగితే లాభం లేదు. ఈ మూడూ అడగండి: రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేదేంటి? గత ఆరు నెలల్లో బయటి కంపెనీల నుంచి ఇంటర్వ్యూ కాల్స్ వచ్చాయా? వచ్చిన ఇంటర్వ్యూల్లో అడిగిన పని మీరు నిజంగా చేస్తున్నదేనా? మా వాడు అడిగిన ముగ్గురిలో ఇద్దరు రెండున్నరేళ్లకి వేరే కంపెనీకి మారి 7 లక్షలు దాటారు. ఒకరు మాత్రం మూడేళ్లుగా నైట్ షిఫ్ట్ సపోర్ట్‌లో 4 లక్షల 60 వేల దగ్గరే ఉన్నారు. అంటే ఆ దారిలో ట్యాక్స్ అసిస్టెంట్ జీతాన్ని అందుకోవడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది, అదీ మంచి ప్రాజెక్ట్ దొరికితే. ఆ తర్వాత మాత్రం ప్రైవేటులో ఉన్నవాడే ముందుకు పోతాడు, నైపుణ్యం పెంచుకుంటూ ఉన్నంత కాలం.

పోస్టింగ్ కూడా ఎదుగుదలలో భాగమే. సీజీఎల్ అఖిల భారత పరీక్ష, ముంబైలోనో అహ్మదాబాద్‌లోనో వేయవచ్చు. ఒకసారి వేశాక సొంత రాష్ట్రానికి బదిలీ అంత తేలిక కాదు. ఇంటి దగ్గరే ఉండాలనుకునేవాళ్లకి రాష్ట్ర పోస్టులే సరిపోతాయి. తెలంగాణలో జూనియర్ అసిస్టెంట్ లాంటివి జిల్లా కేడర్ పోస్టులు.

నాలుగో మెట్టు: ఆ ఉద్యోగం మీకు వచ్చే అవకాశం ఎంతో కొలవండి

ఇంతవరకు చూస్తే గవర్నమెంటే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ అది ఉద్యోగం వచ్చినవాడి లెక్క. 2022 డిసెంబర్‌లో తెలంగాణ గ్రూప్-4 నోటిఫికేషన్ దాదాపు 8 వేల పోస్టులకి వస్తే తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు చేశారు. పరీక్ష 2023 జూలైలో, తుది ఫలితాలు 2024 నవంబర్‌లో. అది సాఫీగా నడిచిన నోటిఫికేషన్. గ్రూప్-1 సంగతి చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి నోటిఫికేషన్. అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులకి కొత్తది ఇచ్చారు. ఆ తర్వాత కోర్టు కేసుల మధ్య నియామక పత్రాలు ఇచ్చింది 2025 సెప్టెంబర్‌లో. మూడున్నరేళ్లు. ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర ఆ రోజుల్లో కూర్చున్నవాళ్ల ముఖాలు చూసినవాళ్లకి దీని బరువు తెలుసు.

కాబట్టి కొలవాలి. ssc.gov.in లో కిందటి ఏడాది కటాఫ్ మీ కేటగిరీకి ఎంతో చూసుకోండి. సీజీఎల్ మొదటి దశ అయిన టియర్-1 పాత పేపర్ ఒకటి తీసుకుని, తలుపు వేసుకుని, సరిగ్గా 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు రాయండి. ప్రతి తప్పుకీ అర మార్కు కోసేయండి. 200కి ఎంత వచ్చిందో రాసుకోండి. ఎనిమిది వారాలు చదివి, వేరే పేపర్‌తో మళ్లీ అదే పద్ధతిలో రాయండి. మొదటి మార్కు కంటే, రెండోసారికి ఎంత పెరిగిందన్నదే అసలు సమాచారం. మా వాడికి మొదట 92, ఎనిమిది వారాలకి 118 వచ్చింది. అలా 20కి పైగా పెరిగినవాడికి ఇంకో ఏడాదిలో పోటీలోకి వచ్చే బలం ఉందని నా అంచనా. చదివినా నాలుగైదు మార్కులే పెరిగితే, పరీక్షల కుటుంబం మార్చాలి లేదా ఆ దారి వదలాలి. ఇంకో మాట, టియర్-1 అర్హత కోసమే. పోస్టు వచ్చేది టియర్-2 మార్కులతో. టియర్-1 కటాఫ్ దగ్గర ఆగితే ఉద్యోగం రాదు.

ఖర్చు కూడా ఈ కాగితం మీదే రాయండి. అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్, తిండి, పుస్తకాలకి నెలకి 10 వేలు అనుకుంటే ఏడాదికి 1,20,000. వదులుకున్న జీతం 2,96,400. మొత్తం 4,16,000 పైన. ఉద్యోగం ఖాయంగా వస్తే నెలకి 24,400 తేడాతో 17 నెలల్లో ఇది తిరిగి వస్తుంది. అంటే ఒక ఏడాది కూర్చోవడం డబ్బుపరంగా పెద్ద ప్రమాదం కాదు. ప్రమాదమంతా రెండో ఏడాది, మూడో ఏడాదిలో ఉంది. చాలా కంపెనీల ఫ్రెషర్ డ్రైవ్‌లు పాసైన సంవత్సరం చూస్తాయి, రెండేళ్లకి మించిన గ్యాప్ ఉంటే దరఖాస్తు దశలోనే పక్కన పెడతాయి. అప్పుడు వెనక్కి వచ్చే దారి కూడా మూసుకుంటుంది. అమీర్‌పేటలో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించి పంపేవాళ్లు దొరికేది ఈ దశలోనే. పీఎఫ్ ఖాతా చరిత్ర చూస్తే ఆ అబద్ధం బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. అటు వెళ్లకండి.

ఐదో మెట్టు: గడువు రాసి ఇంట్లో వాళ్ల ముందు పెట్టండి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేతిలో ఆఫర్ ఉన్నవాళ్లు అందులో చేరి, ఉద్యోగం చేస్తూ రెండు ప్రయత్నాలు చేయాలి. మానేసి చదవడం అనేది మాక్ మార్కులు కటాఫ్‌కి దగ్గరగా వచ్చాక, పరీక్షకి మూడు నాలుగు నెలల ముందు ఆలోచించాల్సిన విషయం. ఆఫరే లేనివాళ్లు ఏడాది కూర్చోవచ్చు, కానీ ఆ ఏడాదిలో ఒక ప్రైవేటు నైపుణ్యం కూడా బతికించుకోవాలి.

ఈ సలహాకి మినహాయింపు ఉంది. ఉద్యోగం పూర్తిగా నైట్ షిఫ్ట్ అయితే చదువు సాగదు. పగటి షిఫ్ట్‌లో ఉన్నవాడు రోజుకి రెండున్నర గంటలు, శని ఆదివారాల్లో ఏడేసి గంటలు చదివితే వారానికి 26 గంటల పైనే వస్తాయి. లెక్కలు, రీజనింగ్ పరీక్షకి అది సరిపోతుంది. గ్రూప్-1 మెయిన్స్‌కి సరిపోదు.

మా వాడు రాసిన గడువు ఇది: రెండు సీజీఎల్‌లు, మధ్యలో వచ్చే రైల్వే పరీక్ష. రెండో సీజీఎల్ టియర్-1కి మూడు నెలల ముందు మాక్‌లో 150 దాటకపోతే పరీక్షల సంగతి ఆపి దృష్టి పూర్తిగా కంపెనీ పని మీద, వేరే కంపెనీకి మారడం మీద పెట్టాలి. బాబాయి కింద సంతకం పెట్టాడు. అప్పటి నుంచి ఇంట్లో గొడవ లేదు, ఎందుకంటే "ఇంకొక్క ఏడాది" అనే మాటకి జవాబు ముందే రాసి ఉంది. వయసు కూడా చూసుకోండి. ట్యాక్స్ అసిస్టెంట్‌కి 27 ఏళ్లు పరిమితి, ఓబీసీలకి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకి ఐదేళ్లు సడలింపు. 22 ఏళ్లవాడు కంగారు పడాల్సిన పని లేదు.

ఆరో మెట్టు: చేరేరోజు, మానేరోజు జాగ్రత్తలు

కంపెనీలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి, చూపించి తెచ్చుకోండి. ప్రభుత్వ వెరిఫికేషన్‌కి అవే కావాలి. నా స్నేహితుడొకడు చిన్న కంపెనీకి ఇచ్చేసి, వెరిఫికేషన్ తేదీ వచ్చాక వాటి కోసం వాళ్ల మెట్లు ఎక్కి దిగాడు. బాండ్ ఉంటే ఎంత డబ్బు, ఎన్ని నెలలు అన్నది సంతకానికి ముందే చదవండి. నోటీస్ పీరియడ్ 90 రోజులైతే, డబ్బు కట్టి తగ్గించుకునే వీలుందా అని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

రిజర్వేషన్ ఉన్నవాళ్లు కేంద్ర ఉద్యోగాలకి కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ సర్టిఫికెట్ తీసుకోవాలి. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు, రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో లేకపోవచ్చు కూడా. నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకి తగ్గట్టు ఉందో లేదో చూసుకోండి. మార్కులు వచ్చి, ఈ ఒక్క కాగితం దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు.

తుది ఫలితాల్లో పేరు చూసిన రోజు రిజైన్ చేయకండి. ఆ తర్వాత ఫైలు శాఖకి వెళ్లాలి, మెడికల్, పోలీస్ వెరిఫికేషన్ ఉంటాయి, నెలలు పట్టవచ్చు. నియామక పత్రం చేతికొచ్చాకే రాజీనామా పెట్టండి. గడువు చాలకపోతే చేరే తేదీ పొడిగించమని శాఖకి రాతపూర్వకంగా అడగండి, నోటీస్ పీరియడ్ కారణంగా చూపించి. రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, పీఎఫ్ యూఏఎన్ నంబర్ ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని బయటికి రండి.